కుడిచేతి సీసాలు

బంగారుపేట దాటిన తర్వాత, టమాటా లారీలు రోడ్డునంతా తమ సొంతం చేసుకునే మలుపు దగ్గర, బస్సు వెనక చక్రం గాలి వదిలేసింది. కండక్టర్ దిగి చక్రాన్ని ఒకసారి తన్ని చూశాడు. చక్రం ఏమీ చెప్పలేదు. దిగినవాళ్ళలో కొందరు తుమ్మచెట్టు నీడకు చేరారు, కొందరు ఫోన్లు తీశారు. విశాలమ్మ మాత్రం టిఫిన్ సంచి రెండు పాదాల మధ్య పెట్టుకుని మైలురాయి మీద కూర్చుంది. ముప్పై ఏళ్లుగా కేజీఎఫ్‌లోని ఆండర్సన్‌పేట నుంచి కోలారుకు డ్యూటీకి పోయి వస్తున్న మనిషికి రోడ్డు పక్కన కూర్చోవడం కూడా ఉద్యోగంలో ఒక భాగమే. లేటు అవుతుందని ఒకప్పుడు కంగారుపడేది. ఇప్పుడు ఆ కంగారు పడే ఓపిక కూడా లేదు.

దేశంలో కొన్ని దారులు ఊళ్ళను కలుపుతాయి, కొన్ని దారులు మనుషులను మోసుకుపోయి ఖాళీ చేస్తాయి. బంగారు గనులు మూతపడ్డాక కేజీఎఫ్ నుంచి బయటికి పోయే ప్రతి దారీ రెండో రకానిదే. తెల్లవారకముందే రైళ్ళ నిండా మనుషులు బెంగళూరుకు పోతారు, చీకటి పడ్డాక నిద్రపోతూ తిరిగి వస్తారు. విశాలమ్మ ఆ రైలెక్కలేదు. కోలారు ఊరి చివర ఒక ట్రస్టు ఆసుపత్రి ఉంది. అక్కడ నర్సుగా చేరింది, అక్కడే ముసలిదయింది. ఆమె చెయ్యి పడితే నరం దొరకకపోవడం ఉండదని ఆ ఆసుపత్రిలో ఒక మాట. గనుల్లో పనిచేసి ఎండిపోయిన చేతులు, కీమో మందులతో మాడిపోయిన చేతులు, నీళ్ళు పట్టి ఉబ్బిన చేతులు, అన్నిటిలోనూ ఆమె చూపుడువేలు నరాన్ని కనుక్కునేది. డాక్టర్లు కూడా, "విశాలమ్మను పిలవండి" అనేవారు. ఆమెకు జీవితంలో దొరికిన పెద్ద బిరుదు అదే.

ఒక తెల్ల ఓమ్నీ వ్యాను ముందుకు పోయి, ఆగి, రివర్సులో వచ్చింది.

"సిస్టరమ్మా! మీరేనా? ఈడేం కూసున్నారు?"

డ్రైవరు సీట్లో మోహన్‌కుమార్. రాబర్ట్‌సన్‌పేట బజారులో బట్టల అంగడి గుండప్ప కొడుకు. అతని వెనక సీట్ల మీద బట్టల మూటలు, వాటి మీద ఒక ఫ్లాస్కు, ఒక దుప్పటి.

"బస్సు పంక్చరప్పా."

"ఎక్కండమ్మా, నేనూ ఆసుపత్రికే. బేగ ఎక్కండి, లేటయితాంది."

ఆమె ఎక్కింది. వ్యానులో కొత్త బట్టల గంజి వాసన, దాని కింద రాత్రంతా నిద్రలేని మనిషి వాసన.

గుండప్పకు మూణ్ణెల్ల కిందట బెంగళూరులో గుండె తెరిచి కొత్త కవాటం పెట్టారు. ఇంటికొచ్చి బాగానే తిరిగాడు. గల్లా దగ్గర కూర్చుని గిరాకీలతో బేరాలాడాడు. కత్తెర మాత్రం పట్టుకోనివ్వలేదని పెళ్ళాంతో పోట్లాడాడు. పోయిన శనివారం చలిజ్వరం వచ్చింది. పెద్ద జ్వరమేం కాదు, కానీ కొత్త కవాటం ఉన్నవాడికి ఏ జ్వరమూ చిన్నది కాదు. ట్రస్టు ఆసుపత్రిలో చేర్చారు. రక్తంలో క్రిములు ఉన్నాయేమో చూడాలని డాక్టర్ అమర్నాథ్ కల్చర్ పరీక్ష రాశాడు. ఆదివారం ఆ రక్తం తీసింది విశాలమ్మే.

"నాయనకు ఎట్లుండాదప్పా?" అని అడిగింది ఆమె. నిన్న ఆమెకు సెలవు.

మోహన్‌కుమార్ గేరు మార్చాడు. "ఏం చెప్పేదమ్మా. పొద్దున్నే డాక్టరు ఫోన్ చేసినాడు. రక్తంలో క్రిమి ఉండాదంట. ఎడమ చేతి సీసాలోనూ వచ్చింది, కుడి చేతి సీసాలోనూ వచ్చిందంట. రెండు చేతుల్లో ఒకే క్రిమి వచ్చిందంటే ఇంగ అనుమానం లేదు, కవాటం మీదే కూసున్నట్టుండాది అన్నాడు. బెంగళూరికి పంపిస్తా ఉండాం, సంతకం పెట్టను రా అన్నాడు. వారాల తరబడి నరంలోకి మందంట. ఆ మందు కిడ్నీలను కొడతాదంట. నాయన కిడ్నీలు ముందే సగం పోయినాయి. మందుకు లొంగకపోతే మళ్ళా ఎద తెరవల్లంట."

అతను కన్నీళ్ళు పెట్టుకోలేదు. వ్యాపారస్తుల ఇళ్ళలో కన్నీళ్ళు అంగడి మూశాక. హారన్ మాత్రం అవసరం లేకుండా రెండుసార్లు కొట్టాడు.

"ఏమన్నా అనండి, మా అమ్మ మిమ్మల్ని శానా తలుచుకుంటాదమ్మా," అన్నాడు కాసేపటికి, మంచిమాట ఏదైనా చెప్పాలని. "బెంగళూరులో ఒక్కొక్కడూ నాలుగు పోట్లు పొడిచి నరం దొరకలేదనేవాడు. మీరు ఒక్క పోటుతో నాలుగు సీసాలూ నింపినారు. కంకణం కట్టిన చెయ్యి ముట్టుకోలేదు. నర్సంటే ఆయమ్మ అంటాది మా అమ్మ."

విశాలమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. మామిడి తోటలు, రాగి కోసిన చేలు, ఒక పట్టుగూళ్ళ షెడ్డు. ఏదీ కంటికి ఆనలేదు.

ఒక్క పోటు. నాలుగు సీసాలు. రెండు సీసాల మీద ఆమె చేత్తోనే రాసింది, కుడి చెయ్యి అని.

కథ చెప్పేవాళ్ళు ఇక్కడ కొంచెం పక్కదారి పట్టక తప్పదు.

మనిషి ఒంటి మీద, ఎంత తోముకున్నా, కోట్ల క్రిములు కాపురముంటాయి. అవి చెడ్డవి కావు, చర్మం మీద ఉన్నంతకాలం. సూది చర్మాన్ని దాటేటప్పుడు అందులో ఒకటి సూది వెంట సీసాలోకి పోతే, ఆ సీసాలో ఉన్న పోషక రసం దానికి పెళ్ళిభోజనం. ఒకటి వందవుతుంది, వంద లక్ష అవుతుంది. సీసాను వెచ్చగా పెట్టుకున్న యంత్రం ఆ క్రిముల ఊపిరి పసిగట్టి కూత పెడుతుంది. ఆ క్రిమి మనిషి రక్తంలోంచి వచ్చిందా, మనిషి తోలు మీదనుంచి వచ్చిందా అని యంత్రం అడగదు. అడగడం దాని పని కాదు. అందుకని పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. ఒక చేతి నుంచి రెండు సీసాలు, మళ్ళీ శుభ్రం చేసి, కొత్త సూదితో, ఇంకో చేతి నుంచి రెండు సీసాలు. ఎక్కువ రక్తం తీస్తే దాక్కున్న క్రిమి దొరికే అవకాశం ఎక్కువ, అది ఒక లాభం. రెండో లాభం సాక్ష్యం. చర్మపు క్రిమి ఒక చేతి సీసాలోనే మొలిస్తే అది సూది తెచ్చిన చుట్టం కావచ్చు. రెండు చేతుల్లోనూ అదే మొలిస్తే, రెండు వేర్వేరు సూదులు ఒకే పొరపాటు చేయడం అరుదు కాబట్టి, అది రక్తంలోనే ఉందని నమ్మాలి. కొత్త కవాటం ఉన్నవాడి విషయంలో ఆ చర్మపు క్రిమిని ఊరికే తోసెయ్యలేరు కూడా. పెట్టుడు కవాటం మీద కాపురం పెట్టడానికి అది ఎదురుచూస్తుంటుంది.

ఈ లెక్కంతా విశాలమ్మ వాళ్ళ నాయన ఒక్క సైన్సు ముక్క చదవకుండా చెప్పేవాడు. ఆయన గనిలో మచ్చుకు రాయి కొట్టే ముఠాలో ఉండేవాడు. సొరంగంలో ఎక్కడ బంగారం ఉందో చూడటానికి గోడ నుంచి రాతి ముక్కలు కొట్టి సంచుల్లో పోసేవాళ్ళు. కొట్టే ముందు గోడను బ్రష్షుతో తోమి నీళ్ళతో కడగాలి. లేకపోతే పైనుంచి రాలి గోడకు అంటుకున్న ధూళి సంచిలో పడి, లేని బంగారం ఉన్నట్టు చూపిస్తుంది. ఒక్క చోట కొట్టి సరిపెట్టకూడదు, వరసగా చాలా చోట్ల కొట్టాలి. ఒక్క సంచి మాట నమ్మి సొరంగం తవ్వితే కూలి దండగ, ప్రాణం దండగ అనేవాడు ఆయన, రాత్రుళ్ళు దగ్గుతూ. ఆ దగ్గే ఆయన్ని తీసుకుపోయింది.

ఇదంతా తెలిసిన మనిషి ఆదివారం ఏం చేసింది?

గుండప్ప కుడిచేతి మణికట్టుకు ఎర్రదారపు కంకణం ఉంది. ఆపరేషన్ తర్వాత చిక్కమ్మ, గుండప్ప భార్య, కులదేవత గుడిలో మొక్కుకుని కట్టించింది. మొక్కు తీరేదాకా ఆ చేతి నుంచి రక్తం చిందకూడదని ఆ ఇంటి కట్టుబాటు. కత్తెర పట్టనివ్వనిదీ అందుకే. ఎడమచేతి సీసాలు రెండూ నిండాక, సూది తీయకముందే, విశాలమ్మ కుడి చెయ్యి చాచమంటే చిక్కమ్మ అడ్డంపడింది. "ఆ చెయ్యి వొద్దు తల్లీ, నీ కాళ్ళు మొక్కతా. ఇంగొక పోటు ఎందుకు? రక్తం ఒకటే కదా, ఏ చేతిది అయితే ఏం?" ముసలాయన నీరసంగా నవ్వాడు. వార్డులో ఇంకా ఎందరో మంచాల మీద మూలుగుతున్నారు. ఎడమచేతి నరంలో సూది ఇంకా ఉంది, రక్తం ధారగా వస్తోంది. విశాలమ్మ నాలుగు సీసాలూ అక్కడే నింపింది. రెంటి మీద ఎడమ అని రాసింది, రెంటి మీద కుడి అని రాసింది. చిక్కమ్మ ఆమె చేతులు కళ్ళకద్దుకుంది.

అట్లా చేయడం అదే మొదటిసారి కాదు. ముసలివాళ్ళకు, భయపడే ఆడపిల్లలకు, మొండి నరాలకు, దయతలచి ఒక్క పోటుతో సరిపెట్టేది. దయ అనే అనుకుంది. అలసట కూడా అందులో సగం ఉందని ఇప్పుడు వ్యానులో కూర్చుంటే తెలిసింది.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఎడమచేతి నరం చర్మం తుడిచాక జారింది. స్పిరిట్ ఆరుతుండగా ఆమె చూపుడువేలు పోయి నరాన్ని మళ్ళీ తడిమింది. చేతికి వార్డులో తిరిగే రబ్బరు తొడుగే ఉంది, దాంతో అప్పటికే మంచం కమ్మీ పట్టుకుంది, నరం లేవడానికి కట్టే బ్యాండు బిగించింది. శుభ్రం చేసిన చోట మళ్ళీ వేలు పెట్టకూడదన్నది పాఠంలో మొదటి వాక్యం. ఆమె వేలికి ఆ వాక్యం ఎప్పుడూ అడ్డం రాలేదు.

"మోహనప్పా," అంది ఆమె. "మందు ఎక్కించేసినారా?"

"లేదంట. నేను వచ్చి సంతకం పెట్టినాక మొదటి బాటిల్ ఎక్కించి, అంబులెన్సులో ఎక్కిస్తారంట. ఎందుకమ్మా?"

"కొంచెం బిరీన పోనీ."

మోహన్‌కుమార్ ఆమె మొహం చూశాడు. యాక్సిలరేటర్ తొక్కాడు. ఒక మాట చెప్పేస్తే ఆమెకు కాస్త గాలాడేది. కానీ చెప్పాల్సింది ముందు ఇతనికి కాదు. ఇంకో సంవత్సరంలో రిటైర్మెంటు. ఏమీ తెలియనట్టు వార్డులోకి పోయి, రిపోర్టు చూసి అయ్యో అని, అంబులెన్సు దాకా స్ట్రెచర్ నెట్టవచ్చు. ఎవరూ అడగరు. కుడి చెయ్యి అని రాసి ఉంది కదా. రాసింది నమ్మడం చదువుకున్నవాళ్ళ అలవాటు.

తమక అనే ఊరి దగ్గర రైల్వేగేటు పడలేదు. పడితే ఇంకాస్త ఆలస్యమవుతుందని ఆమె ఒక్క క్షణం ఆశపడింది.

*

వార్డులో గుండప్ప మంచం పక్క స్టాండుకు మందు బాటిల్ వేలాడదీసి ఉంది. గొట్టం ఇంకా చేతికి తగిలించలేదు. చిక్కమ్మ ప్లాస్టిక్ బుట్టలో బెంగళూరు ప్రయాణానికి గ్లాసులు, పంచెలు సర్దుతోంది. డాక్టర్ అమర్నాథ్ మంచం కాళ్ళ దగ్గర నిలబడి కాగితం మీద ఏదో రాస్తున్నాడు. అతనూ నిన్నటి నుంచి ఇంటికి పోలేదని చొక్కా చెబుతోంది.

"రాండి మోహన్," అన్నాడు. "ఈడ ఒక సంతకం—"

"సార్," అంది విశాలమ్మ. సంచి ఇంకా భుజాన్నే ఉంది. "ఆ మందు ఎక్కించొద్దు సార్."

"ఏమైంది విశాలమ్మా?"

"ఆ కుడిచేతి సీసాల్లో ఉండేది కుడిచేతి రక్తం కాదు సార్. నాలుగు సీసాలూ ఎడమచేతిదే. ఒక్క సూదే. నేనే తప్పు రాసినాను."

వార్డులో శబ్దాలు ఆగవు. ఎక్కడో ఒక స్టీలు ప్లేటు పడింది, ఎవరో ముక్కుతూ మంచం దిగారు. అమర్నాథ్ పెన్ను మూత పెట్టాడు.

"తుడిచినాక నరాన్ని ముట్టుకుంటివా?"

"ముట్టుకున్నా."

అతను ఫోన్ తీసి ల్యాబుకు చేశాడు. ల్యాబులో భూమిక అనే డాక్టరు ఉంది, సీసాలకు జవాబు చెప్పేది ఆమే. స్పీకరులో ఆమె గొంతు వినిపించింది.

"ఎడమ అని ఉన్న వాటిలో ఒకటి, కుడి అని ఉన్న వాటిలో ఒకటి కూసినాయి సార్. కూసేదానికి ఒక రోజు పైనే పట్టింది. చర్మం మీద ఉండే క్రిమే. నాకు కొంచెం అనుమానం వచ్చింది. కానీ రెండు చేతుల్లోనూ ఉండాది కదా అని, కవాటం ఉండాది కదా అని..."

"రెండు చేతులు కాదంట భూమికా. ఒక్కటే చెయ్యి."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "అయితే దాని మాట ఇప్పుడు అట్లా నమ్మలేం, ఇట్లా కొట్టెయ్యలేం సార్. మందు పడకముందే మళ్ళా తియ్యండి. మందు పడిందంటే నిజం క్రిమి ఉన్నా సీసాలో మొలవదు. అప్పుడు ఇంగ ఎవురికీ ఏమీ తెలీదు."

ఫోన్ పెట్టేశాక అమర్నాథ్ గొంతు తగ్గించి అడిగాడు. "ఎంతమందికి ఇట్ల చేసింటావు విశాలమ్మా?"

ఆమె మనసులో లెక్కపెట్టబోయింది. లెక్క రాలేదు. ఎంతమంది వారాల తరబడి అక్కరలేని మందు ఎక్కించుకుని పోయారో, ఎంతమంది డాక్టర్లు రెండు చేతుల సాక్ష్యం అనుకుని ఒక్క చేతి మాట నమ్మారో. "తెలీదు సార్," అంది.

మోహన్‌కుమార్‌కు అప్పటికి అర్థమైంది. అతని మెడ నరాలు లేచాయి. "అంటే, మా నాయనను ఉత్తపుణ్యానికి బెంగళూరికి తోలతా ఉండినారా? ఈమె రాసిన రాతకా?"

"ఉత్తపుణ్యానికో కాదో మాకూ ఇంకా తెలీదప్పా," అన్నాడు అమర్నాథ్. "నిజంగానే క్రిమి ఉండొచ్చు. అది తెలుసుకోవల్లంటే రెండు చేతుల నుంచీ సరిగా తియ్యల్ల. ఈ తూరి నిజంగా రెండు చేతులు."

చిక్కమ్మ చేతిలో గ్లాసు ఆగింది. "కంకణం చేయికా? వొద్దు సామీ! మొక్కు ఉండాది. కావల్లంటే కాల్లో తీసుకోండి, నా చేతిలో తీసుకోండి..."

"నీ చేతిలో తీస్తే నీ జొరం తెలస్తాది," అన్నాడు గుండప్ప మంచం మీద నుంచి. అంతసేపూ కళ్ళు మూసుకుని ఉన్నాడని అందరూ అతన్ని మర్చిపోయారు. "ఒసేయ్, యాభై ఏండ్లు కత్తెర పట్టిన చెయ్యి ఇది. ఎన్ని సార్లు తెగింది? పట్టుచీర మీద రక్తం పడకూడదని నోట్లో పెట్టుకొని చీకినా. అప్పుడంతా దేవుడు యాడ చూస్తా ఉండినాడు? కంకణం మణికట్టుకు ఉండాది, సూది మోచేతికాడ పొడుస్తాది. మద్దెలో శానా దూరం ఉండాదిలే. తియ్యమ్మా."

"వేరే వాళ్ళను పిలస్తాను," అన్నాడు అమర్నాథ్.

"కొత్తోళ్ళు నాకు వొద్దు సార్. నాలుగు పోట్లు పొడస్తారు. తప్పు చేసిన చెయ్యి రెండోసారి జాగ్రత్తగా ఉంటాది. అంగట్లో నేను చూసినాను."

అమర్నాథ్ విశాలమ్మను చూశాడు. "తియ్యి. నా ముందర."

*

ఆమె సంచి కింద పెట్టి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. నాలుగు సీసాల మూతలు ఊడదీసి, కింద ఉన్న రబ్బరు బిళ్ళలను స్పిరిట్ దూదితో తుడిచింది. మూత ఉంది కదా, లోపల శుభ్రంగానే ఉంటుందని చాలామంది తుడవరు.

ఎడమ చేతికి బ్యాండు కట్టి, తుడవకముందే నరాన్ని వెతికింది. ఇప్పుడు ఎంతసేపైనా తడమవచ్చు. అది దొరికిన చోట ఒక పుట్టుమచ్చ ఉంది. మచ్చకు అవతల వేలెడు దూరం అని గుర్తుపెట్టుకుంది. బ్యాండు వదిలి, కొత్త తొడుగులు వేసుకుని, కొనకు క్రిములు చంపే మందు ఉన్న మందుకాడతో ఆ చోటును ముందుకూ వెనక్కూ గట్టిగా రుద్దింది. తర్వాత ఆగింది. ఊదలేదు, విసరలేదు. తడి దానంతట అది ఆరాలి. ఆరడంలోనే క్రిములు చస్తాయి.

ఆ ఆగడమే కష్టం. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆమె దగ్గర లేనిది అదొక్కటే, తడి ఆరేంత సేపు.

బ్యాండు మళ్ళీ బిగించింది. నరం కొంచెం పక్కకు జరిగినట్టనిపించింది. చూపుడువేలు తనంత తానే లేచింది. ఒక్కసారి తాకితే చాలు, కచ్చితంగా తెలుస్తుంది. అమర్నాథ్ చూపు ఆ వేలి మీదే ఉంది. విశాలమ్మ వేలిని మడిచి అరచేతిలో దాచుకుంది. మచ్చను చూసింది. సూది దించింది.

సన్నటి గొట్టంలోకి రక్తం ఎర్రగా పాకింది.

"దొరికిందా?" అన్నాడు గుండప్ప.

"దొరికిందిలే నాయనా, కదలాకు."

మొదట గాలిలో పెరిగే క్రిముల సీసా, తర్వాత గాలి లేకుండా పెరిగేవాటిది, రెండూ గీత దాకా నింపింది. వాటి మీద మంచం పక్కనే నిలబడి ఎడమ చెయ్యి అని రాసింది. ఆ తొడుగులు తీసి పారేసింది. కొత్త సూది, కొత్త మందుకాడ, కొత్త తొడుగులు. మంచం చుట్టూ తిరిగి కుడిపక్కకు వచ్చింది. ఎర్రకంకణం చెమటకు రంగు దిగి మణికట్టు మీద గులాబీ చార వేసింది. చిక్కమ్మ మొహం గోడవైపు తిప్పుకుని ఏదో గొణుగుతోంది. మొక్కు ఇంకో రూపంలో తీరుస్తానని బేరమాడుతోంది కాబోలు. వ్యాపారస్తుల ఇంటి దేవుళ్ళకు బేరాలు తెలుసు.

కుడిచేతి నరం మొదటి పోటుకు తప్పించుకుంది. విశాలమ్మ వేలు పెట్టలేదు. సూది తీసేసి, అంతా మొదటి నుంచి చేసింది, ఇంకాస్త పైన. గుండప్ప పళ్ళు బిగించాడు.

"ఈ పాపిష్టి చేతులకు ఏమైందమ్మా ఈ పొద్దు?" అంది చిక్కమ్మ గోడతో.

"బుద్దొచ్చింది," అన్నాడు గుండప్ప.

రెండు సీసాలు నిండాయి. కుడి చెయ్యి. అమర్నాథ్ నాలుగు సీసాలూ తానే పట్టుకుని ల్యాబుకు పోయాడు. పోతూ స్టాండు నుంచి మందు బాటిల్ దించి పక్కన పెట్టమన్నాడు. జ్వరం తక్కువే ఉంది, మనిషి నిలకడగా ఉన్నాడు, గుండె స్కానింగు ఇక్కడే చేయిద్దాం, కాసుకుందాం, చలి ఎక్కువైతే వెంటనే మొదలుపెడదాం అన్నాడు. అంబులెన్సు డ్రైవరు కాసేపు చూసి, బీడీ ఆర్పి, వేరే పనికి పోయాడు.

*

తర్వాతి రోజులు కథకు పనికొచ్చేవి కావు. ఎదురుచూడటం ఎవరికీ కథ కాదు. స్కానింగులో కవాటం మీద ఏమీ అంటుకుని లేదు. మూత్రం పరీక్షలో వేరే క్రిమి ఒకటి దొరికింది. జ్వరం దానిదే. మామూలు మందుకు దిగింది. ల్యాబులో నాలుగు సీసాలు వెచ్చగా కూర్చుని, ఒక్కటీ కూతపెట్టకుండా, వాటి గడువు అయిదు రోజులూ పూర్తిచేశాయి. పాత సీసాల్లో మొలిచింది విశాలమ్మ వేలి నుంచో, ఆ వేలు తాకిన ముసలాయన తోలు నుంచో వచ్చిందని భూమిక రాసింది. ఎవరి చర్మానిదని తేల్చడానికి ఆమె ప్రయత్నించలేదు, అది ఎవరికీ ఉపయోగపడదు.

విశాలమ్మకు మెమో ఇచ్చారు. రక్తం తీసే పని నుంచి తప్పించి, ఓపీ కిటికీ దగ్గర చీటీలు ఇచ్చే పని వేశారు. కొత్త పిల్లలతో పాటు ఆమెను కూడా శిక్షణకు కూర్చోబెట్టారు. బొమ్మ చేతి మీద సూది గుచ్చడం చూపిస్తూ, తుడిచిన చోట మళ్ళీ తాకకూడదని ఎవరో చెబుతుంటే ఆమె తల ఊపింది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండునని ఆమెకు అనిపించింది.

ఇంట్లో పళ్ళెం ముందు కూర్చున్నా అమర్నాథ్ ప్రశ్నే వినిపించేది. ఎంతమందికి? మొహాలు గుర్తుచేసుకోవాలని చూసేది. చేతులే గుర్తొచ్చేవి. మొహాలు లేని చేతులు, మోచేతి మడతలు, పుట్టుమచ్చలు.

గుండప్ప ఇంటికి పోయే రోజు, సాయంత్రం డ్యూటీ దిగి ఆమె గేటు దగ్గరికి వచ్చేసరికి తెల్ల ఓమ్నీ అక్కడే ఉంది. వెనక డోరు తెరిచి ముసలాయనను మూటల మధ్య కూర్చోబెడుతున్నారు. అతని రెండు మోచేతుల దగ్గరా పచ్చగా మారిన కమిలిన మచ్చలు. కుడిచేతికి కంకణం అలాగే ఉంది.

"చూడు సిస్టరమ్మా," అన్నాడు గుండప్ప, రెండు చేతులూ చాచి. "ఎడమా కుడీ సమానం చేసి పంపిస్తివి. తక్కెడ లాగ."

చిక్కమ్మ ఆమెను చూసి చూపు తిప్పుకుంది. తర్వాత మళ్ళీ చూసింది.

మోహన్‌కుమార్ దగ్గరికి వచ్చాడు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో మడతపెట్టిన చీర అంచు కనబడుతోంది. ఇవ్వాలా వద్దా అని అతనికే తేలినట్టు లేదు. కవరును ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చాడు.

"మీకు దండం పెట్టల్లో తిట్టల్లో నాకు అర్థం కాలేదమ్మా," అన్నాడు. "మీరు చెప్పకపోయింటే నాయనను కిడ్నీలు పోయేదాకా మందుల్లో ముంచింటారు. మీరు ఆ రాత రాయకపోయింటే ఈ గొడవే లేదు. ఎట్ల చూడాల నేను దీన్ని? చెప్పండి."

విశాలమ్మ అతని మొహంలోకి చూసింది. గుండప్ప ఒక్కడి రక్తానికి సరైన జవాబు దొరికింది, అతను మూటల మధ్య కూర్చుని ఉన్నాడు. ఆమె ఒక్క పోటుతో సరిపెట్టిన మిగిలినవాళ్ళు ఎక్కడ ఉన్నారో, ఏ బస్సులో ఏ ఊరికి పోయారో.

"ఎక్కండమ్మా, ఆండర్సన్‌పేటకే కదా, దింపేస్తాను," అన్నాడు మోహన్‌కుమార్ చివరికి. అతను డోరు మూసి, డ్రైవరు సీటు వైపు తిరిగి వచ్చేంతలో, ఆమె టిఫిన్ సంచి భుజానికి ఎగదోసుకుని రోడ్డు దాటింది. టమాటా లారీ ఒకటి వాళ్ళ మధ్య నుంచి పోయింది. లారీ పోయాక చూస్తే, ఆమె బస్‌స్టాప్ వైపు నడుస్తోంది, కుడిచేతి చూపుడువేలు అరచేతిలో మడిచి.